ఫోన్ నంబర్ ఎప్పుడు అడగాలి, డబ్బు సంగతి ఎలా అడగాలి

ప్రశ్న: మాది భీమవరంలో చిన్న కన్సల్టెన్సీ అండి. విదేశాల్లో చదువుకోవాలనుకునే పిల్లలకి అప్లికేషన్లు, వీసా, లోన్ పనులు చూస్తాం. వెబ్‌సైట్‌లో ఎంక్వైరీ ఫారం ఒకే పేజీలో ఇరవై రెండు ప్రశ్నలతో ఉంది. చాలామంది సగంలో వదిలేస్తున్నారు. కొన్నాళ్లు పేరు, ఫోన్ నంబర్ మాత్రమే ఉంచాం. అప్పుడు నంబర్లు బాగా వచ్చాయి గానీ, ఫోన్ చేస్తే ఎవరికి ఏం కావాలో తెలియక మా కౌన్సెలర్ అలసిపోయింది. ఇప్పుడు స్టెప్పులుగా విడగొట్టమంటున్నారు. ఏ ప్రశ్న ముందు, ఏది తర్వాత? ఫోన్ నంబర్ మొదట్లో అడగాలా, చివర్లోనా? ఇంటి ఆర్థిక పరిస్థితి అడిగితే తప్పుగా అనుకుంటారా? ప్రశ్నల జాబితా దీంతో పంపుతున్నాను.
— ఒక పాఠకురాలు, భీమవరం

సమాధానం:

మీరు పంపిన జాబితా ప్రింట్ తీసి, మీ కౌన్సెలర్‌ని పక్కన కూర్చోబెట్టుకోండి. ఒక్కో ప్రశ్న దగ్గర ఆమెను ఒకటే మాట అడగండి. "ఈ జవాబు ముందే తెలిస్తే మొదటి ఫోన్‌లో నువ్వు మాట్లాడేది మారుతుందా?" మారుతుందంటే ఆ ప్రశ్న ఫారంలో ఉండాలి. మారదంటే తీసేయండి, దాని సమయం తర్వాత వస్తుంది.

ఇలా చూస్తే మీ జాబితాలో చాలా ప్రశ్నలు వాటంతట అవే పక్కకి వెళ్లిపోతాయి. పాస్‌పోర్ట్ నంబర్ అప్లికేషన్ నింపే రోజున కావాలి. పదో తరగతి మార్కులు సర్టిఫికెట్లు స్కాన్ చేసేటప్పుడు ఎలాగూ వస్తాయి. పిన్‌కోడ్‌తో సహా ఇంటి చిరునామా, పుట్టిన తేదీ, తండ్రి వృత్తి, తల్లి చదువు, ఇవేవీ మొదటి ఫోన్‌ని మార్చవు. "మా గురించి మీకెలా తెలిసింది" అన్నది మీ ప్రకటనల లెక్కకి పనికొచ్చే ప్రశ్న. విద్యార్థికి దానివల్ల ఒరిగేది లేదు కాబట్టి కౌన్సెలర్ ఫోన్‌లో మాటల మధ్య అడిగి రాసుకుంటే చాలు.

చివరికి మిగిలేవి ఇవి: ఏం చదివారు, ఏ దేశం అనుకుంటున్నారు, ఎప్పుడు వెళ్లాలి, మార్కులెంత, ఇంగ్లిష్ టెస్ట్ సంగతేమిటి, ఖర్చు ఎలా పెట్టుకుంటారు, మీతో మాట్లాడటం ఎలా. ఇంతకన్నా ఎక్కువ మిగిలితే మీ కౌన్సెలర్ మొహమాటపడి "పనికొస్తుందిలెండి" అంటోందేమో చూసుకోండి.

ఇక వరస సంగతి. ఆలోచించకుండా చెప్పగలిగేది ముందు రావాలి. ఇంట్లో ఎవరినైనా అడిగి చెప్పాల్సింది వెనక రావాలి. చెప్పడానికి సంకోచపడేది అన్నిటికన్నా చివర, అదీ ఫోన్ నంబర్ మీకు చేరిన తర్వాత రావాలి. మీ ఫారం మొదటి ప్రశ్నే "మీరు ఏ దేశానికి వెళ్లాలనుకుంటున్నారు" అని ఉంది. మీకది సహజంగా అనిపిస్తుంది, ఎందుకంటే మీ ఆఫీసులో ఫైళ్లు దేశాలవారీగా ఉంటాయి. కానీ ఫారం తెరిచే పిల్లల్లో చాలామందికి ఇంకా తేలని విషయం అదే. అన్నయ్య స్నేహితుడు ఐర్లాండ్‌లో ఉన్నాడు, మేనమామ డాలస్ రమ్మంటున్నాడు, క్లాసులో అందరూ జర్మనీ అంటున్నారు. అది తేల్చుకోవడానికే మీ దగ్గరికి వస్తున్నవాళ్లని గుమ్మంలోనే ఆ ప్రశ్న అడిగితే వెనక్కి తిరుగుతారు.

అందుకే మొదటి స్టెప్‌లో చదువు అడగండి. "ఇప్పుడు మీరు ఎక్కడున్నారు?" అని అడిగి, కింద బటన్లు ఇవ్వండి: ఇంటర్, మూడేళ్ల డిగ్రీ, బీటెక్, పీజీ, ఉద్యోగం చేస్తున్నాను. ఒక్క నొక్కుతో అయిపోతుంది, తడుముకునే పని లేదు. పైగా తర్వాత ఏ ప్రశ్నలు రావాలో తేల్చేది కూడా ఈ జవాబే. ఇంటర్ నొక్కినవాళ్లని బ్యాక్‌లాగ్‌ల గురించి అడగనక్కరలేదు. ఉద్యోగం నొక్కినవాళ్లని డిగ్రీ ఏ ఏడాది అయిందో అడగాలి, ఎందుకంటే చదువులో విరామం గురించి యూనివర్సిటీ, వీసా ఆఫీసు రెండూ అడుగుతాయి.

రెండో స్టెప్‌లో దేశం. ఇక్కడ ఒకటి కన్నా ఎక్కువ ఎంచుకోనివ్వండి. "ఇంకా తేల్చుకోలేదు, మీరే చెప్పండి" అనే బటన్ కూడా మిగతావాటితో సమానమైన సైజులో ఉండాలి. దాన్ని అడుగున చిన్న అక్షరాల్లో పెడితే కనపడక, ఏదో ఒకటిలే అని అమెరికా నొక్కేస్తారు. అప్పుడు మీ కౌన్సెలర్ ఆ పిల్లాడికి పావుగంట సేపు అమెరికా గురించి చెబుతుంది, అతను మొహమాటంతో వింటాడు, మళ్లీ ఫోన్ ఎత్తడు.

మూడో స్టెప్ ఎప్పుడు వెళ్లాలి అన్నది. మీ ఫారంలో "ఇన్‌టేక్" అని రాసి ఫాల్, స్ప్రింగ్, సమ్మర్, వింటర్ అని నాలుగు ఇచ్చారు. ఇంటర్ చదివే పిల్లకి ఇందులో ఏదీ అర్థం కాదు, అర్థమైనవాళ్లకి కూడా దేశాన్ని బట్టి అర్థం మారిపోతుంది. అమెరికాలో ఆగస్టులో మొదలయ్యేది ఫాల్, జనవరిలో మొదలయ్యేది స్ప్రింగ్. జర్మనీలో అక్టోబరులో మొదలయ్యేదాన్ని వింటర్ సెమిస్టర్ అంటారు. ఆస్ట్రేలియాలో ముఖ్యమైనవి ఫిబ్రవరి, జులై. బ్రిటన్‌లో సెప్టెంబరు, కొన్ని కోర్సులకి జనవరి. కాబట్టి ముందు స్టెప్‌లో ఎంచుకున్న దేశాన్ని బట్టి నెల పేరు, సంవత్సరం చూపించండి. దేశం తేల్చుకోనివాళ్లకి "ఏడాదిలోపు", "ఏడాది తర్వాత", "ఇంకా తెలియదు" చాలు.

ఈ జవాబుకి మీ ఆఫీసులో చాలా విలువ ఉంది. జర్మనీలో చాలా కోర్సులకి అక్టోబరు సెమిస్టర్ గడువు జులై 15. మన విద్యార్థులు దానికి ముందు తమ చదువు పత్రాలు అసలైనవేనని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్ కూడా తెచ్చుకోవాలి, దానికి వారాలు పడుతుంది. మే నెలలో ఒక అబ్బాయి "జర్మనీ, ఈ అక్టోబరు" అని నొక్కాడంటే అతనికి ఆ రోజే ఫోన్ వెళ్లాలి. "వచ్చే ఏడాది ఆగస్టు" నొక్కినవాళ్లకి రెండు రోజులు ఆగి చేసినా ఇబ్బంది లేదు. ఎవరికి ముందు ఫోన్ చేయాలో ఫారమే చెప్పినట్టవుతుంది.

ఈ మూడు స్టెప్పులూ నొక్కుళ్లే, టైపింగ్ ఏమీ లేదు. నాలుగోది పేరు, ఫోన్ నంబర్. మీరు అడిగిన "మొదట్లోనా, చివర్లోనా" అన్నదానికి నా జవాబు ఇదే, మధ్యలో. మొదట్లో నంబర్ అడిగితే ఇక రోజూ ఫోన్లు చేసి వేధిస్తారేమో అన్న భయం ముందు కలుగుతుంది. మన ప్రాంతంలో ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలో కాలేజీల ఫోన్లతో విసిగిపోని ఇల్లు లేదు కాబట్టి ఆ భయానికి కారణం కూడా ఉంది. చివర్లో అడిగితే మార్కులు, డబ్బు ప్రశ్నల దగ్గర ఆగిపోయినవాళ్లు ఎవరో మీకు ఎప్పటికీ తెలియదు. తేలిక ప్రశ్నలకి జవాబిచ్చాక, కష్టమైనవి రాకముందు అడిగితే రెండు బాధలూ ఉండవు.

నంబర్ అడిగే చోట మూడు సంగతులు చూసుకోండి. ఆ నంబర్ విద్యార్థిదా, తల్లిదండ్రులదా అన్నది రెండు బటన్లతో అడగండి. చాలాసార్లు అమ్మాయి హాస్టల్‌లో కూర్చుని ఫారం నింపి నాన్నగారి నంబర్ ఇస్తుంది, ఆయనకేమో విషయమే తెలియదు. మీరు ఫోన్ చేసి "మీ అమ్మాయి అమెరికా గురించి అడిగింది" అంటే ఆ ఇంట్లో ఆ రాత్రి ఏం జరుగుతుందో మీకు నేను చెప్పక్కరలేదు. రెండోది, ఎప్పుడు చేయమంటారో అడగండి: పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఆరు దాటాక, లేదా వాట్సాప్‌లో మెసేజ్ చాలు. బీటెక్ పిల్లలు పగలు క్లాసుల్లో ఉంటారు. మూడోది, ఓటీపీ పెట్టకండి. లంకల్లోనో ఊరి చివరనో సిగ్నల్ సరిగ్గా లేని చోట ఓటీపీ ఆలస్యమైతే విద్యార్థి అక్కడే ఆగిపోతాడు. తప్పుడు నంబర్లు కొన్ని వస్తాయి, వాటిని ఒక్క ఫోన్‌తో పట్టుకోవచ్చు.

మీ వెబ్‌సైట్ చూసే అబ్బాయికి ఈ ముక్క ఇవ్వండి. మొదటి పెట్టెలో ఫోన్‌లో నేరుగా అంకెల కీబోర్డ్ వస్తుంది, సేవ్ అయి ఉన్న నంబర్‌ని బ్రౌజరే సూచిస్తుంది. రెండోది మార్కుల పెట్టె. అంకెలతో పాటు చుక్క కూడా ఉన్న కీబోర్డ్ వస్తుంది కాబట్టి 7.8 అని ఇబ్బంది లేకుండా టైప్ చేయొచ్చు.

```html
<input type="tel" name="phone" autocomplete="tel">
<input type="text" name="marks" inputmode="decimal">
```

నంబర్ ఇచ్చాక కింద ఉండే బటన్ మీద "పంపండి" అని రాయండి. అది నొక్కగానే ఎంక్వైరీ మీకు నిజంగా చేరిపోవాలి. ఆ తర్వాత వచ్చే పేజీలో "మీ వివరాలు అందాయి. సాయంత్రం ఆరు తర్వాత ఫోన్ చేస్తాం. ఇంకో నాలుగు ప్రశ్నలకి జవాబిస్తే మా కౌన్సెలర్ మీకు సరిపోయే యూనివర్సిటీలు చూసి పెట్టుకుని మాట్లాడుతుంది" అని చెప్పి, మిగతా ప్రశ్నలు అక్కడ మొదలుపెట్టండి. ఇష్టమున్నవాళ్లు కొనసాగిస్తారు. ఆగిపోయినవాళ్లు కూడా మీ చేతిలోనే ఉంటారు.

కొందరు డెవలపర్లు "పంపండి నొక్కకపోయినా టైప్ చేసిన నంబర్‌ని మనం తీసేసుకోవచ్చు" అని సలహా ఇస్తారు. దయచేసి ఒప్పుకోకండి. పంపలేదంటే ఆ మనిషి ఇంకా ఇవ్వలేదనే అర్థం. అలా పంపని నంబర్‌కి మీ నుంచి ఫోన్ వెళితే మిమ్మల్ని ఇక నమ్మరు. చట్టం కూడా అటే ఉంది. 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం ప్రకారం ఏ పని కోసం వివరాలు తీసుకుంటున్నారో ముందు చెప్పి, స్పష్టమైన సమ్మతి తీసుకోవాలి. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకి 18 నెలల గడువిచ్చారు. ఆ గడువు కోసం ఆగకుండా ఇప్పుడే నంబర్ పెట్టె కింద తెలుగులో ఒక వాక్యం రాయండి: "ఈ నంబర్‌ని మీ ఎంక్వైరీ గురించి మాట్లాడటానికే వాడతాం, వద్దంటే తీసేస్తాం." ఆ వివరాలు మీరు లోన్ ఏజెంట్లకో, యూనివర్సిటీ ప్రతినిధులకో ఇచ్చేటట్టయితే అది కూడా అక్కడే చెప్పాలి.

ఆ చట్టంలో 18 ఏళ్లు నిండనివాళ్లంతా పిల్లలే, వాళ్ల వివరాలకి తల్లిదండ్రుల సమ్మతి కావాలి. ఇంటర్ చదివేవాళ్లలో ఎక్కువమంది ఆ వయసులోనే ఉంటారు. కాబట్టి మొదటి స్టెప్‌లో "ఇంటర్" నొక్కినవాళ్లకి నాలుగో స్టెప్ మారిపోవాలి. విద్యార్థి నంబర్ అడగకుండా, "ఈ భాగం అమ్మగారితో గానీ నాన్నగారితో గానీ కలిసి నింపండి" అని చెప్పి వాళ్ల పేరు, నంబర్ అడగండి. ఎలాగూ ఆ వయసు పిల్లల విషయంలో మీరు మాట్లాడాల్సింది పెద్దవాళ్లతోనే.

ఇప్పుడు రెండో భాగం. మార్కులు, ఇంగ్లిష్ టెస్ట్ త్వరగా చెప్పేస్తాను, డబ్బు దగ్గర నిదానంగా ఆగుదాం.

మార్కుల దగ్గర "పర్సంటేజీ" అని ఒక్క పెట్టె పెట్టారు. మీ దగ్గరికి వచ్చే బీటెక్ పిల్లల్లో చాలామంది కాకినాడ జేఎన్‌టీయూ కింద చదివినవాళ్లే, ఇప్పటివాళ్లకి ఉండేది పదికి సీజీపీఏ. వాళ్లు 7.8 అని టైప్ చేస్తే మీ ఫారం తప్పు అంటోంది. సీజీపీఏ, పర్సంటేజీ అని రెండు బటన్లు ఇచ్చి, కింద ఒక పెట్టె పెట్టండి. ఫైనలియర్ వాళ్లకి "ఇప్పటివరకు వచ్చినది" అని రాయండి, లేకపోతే మొత్తం రాలేదు కదా అని ఆగిపోతారు. సప్లీల గురించి అడిగేటప్పుడు "ఇంకా పాస్ కావాల్సిన సబ్జెక్టులు ఉన్నాయా" అని మాత్రం అడగండి. రాసి పాసైనవి ఎన్నో మార్కుల లిస్టుల్లో మీరే చూసుకోవచ్చు. "మీ మొత్తం బ్యాక్‌లాగ్‌లు ఎన్ని" అని అడిగితే ఎక్కువమంది తక్కువ చేసి చెబుతారు, ఆ లెక్క మీకు పనికిరాదు.

ఇంగ్లిష్ టెస్ట్‌కి "రాశాను, తేదీ తీసుకున్నాను, ఇంకా లేదు" అన్న మూడు చాలు. రాశాను అన్నవాళ్లనే ఏ టెస్ట్, ఎంత వచ్చింది, ఏ నెలలో రాశారు అని అడగాలి. ఐఎల్‌టీఎస్ స్కోరు రెండేళ్ల వరకే చెల్లుతుంది కాబట్టి నెల ముఖ్యం. ఉద్యోగంలో చేరకముందు రాసిన స్కోరు పట్టుకుని ధైర్యంగా వచ్చేవాళ్లు ఉంటారు.

డబ్బు సంగతి అడగొచ్చు, అడగాలి కూడా. అడగకుండా ఆరు యూనివర్సిటీలకి అప్లికేషన్ ఫీజులు కట్టించి, ఆఫర్ లెటర్ వచ్చాక లోన్ రాదని తెలిస్తే ఆ కుటుంబానికి జరిగే నష్టం పెద్దది. మీ ఫారంలో ఆ ప్రశ్న ఉన్న తీరు సరిగ్గా లేదు. "తల్లిదండ్రుల వార్షిక ఆదాయం, ఐటీ రిటర్న్ ప్రకారం" అని అడిగారు. మీ చుట్టూ ఉన్న ఊళ్లు చూడండి. సార్వా, దాళ్వా వరి పండించే రైతుకీ, కోనసీమలో కొబ్బరితోట ఉన్నాయనకీ వ్యవసాయ ఆదాయం మీద ఆదాయపు పన్ను లేదు. చాలామంది రిటర్న్ వేయరు. వాళ్ల అమ్మాయి ఆ పెట్టెలో సున్నా రాయాలా, అబద్ధం రాయాలా తెలియక ఫారం మూసేస్తుంది. స్తోమత ఉన్న కుటుంబమే మీకు కనపడకుండా పోతుంది.

మొత్తం అడగకండి, దారి అడగండి. "చదువు ఖర్చుకి ఏమనుకుంటున్నారు?" అని పెట్టి, ఎన్నైనా ఎంచుకోనిస్తూ ఇలా ఇవ్వండి: సొంత డబ్బు, బ్యాంకు లోన్, బంధువుల సాయం, ఇంట్లో ఇంకా మాట్లాడలేదు. ఆ చివరిది తప్పకుండా ఉండాలి. హాస్టల్లో ఉన్న ఇరవై ఏళ్ల పిల్లకి నాన్నగారి అప్పులు, ఆస్తులు తెలియకపోవడం మామూలే. ఆ బటన్ నొక్కారంటే మీ కౌన్సెలర్‌కి అర్థమయ్యేది ఏమిటంటే, మొదటి మాట విద్యార్థితో, రెండో మాట తల్లిదండ్రులతో అని.

"బ్యాంకు లోన్" నొక్కినవాళ్లకి మాత్రం ఇంకొక్క ప్రశ్న తెరవండి: "తాకట్టు పెట్టడానికి ఏమైనా ఉందా?" ఇక్కడ జవాబుల్లో ఇల్లు లేదా ఇంటి స్థలం ఒకటి, పొలం లేదా తోట లేదా చెరువు మరొకటి, ఏమీ లేదు అన్నది ఇంకొకటి, తెలియదు అన్నది చివరిది. మీ పాత ఫారంలో వీటన్నిటినీ "ఆస్తి ఉందా, అవును, కాదు" అని కలిపేశారు. డెల్టాలో ఇది పెద్ద తేడా. ప్రభుత్వ బ్యాంకుల్లో విదేశీ చదువు లోన్ ఏడున్నర లక్షలు దాటితే సాధారణంగా తాకట్టు అడుగుతారు. వ్యవసాయ భూమిని చదువు లోన్‌కి తాకట్టుగా తీసుకోవడానికి బ్యాంకులు మామూలుగా ఇష్టపడవు, ఇల్లో ఇళ్ల స్థలమో ఫ్లాటో కావాలంటాయి. మూడెకరాల మాగాణి ఉన్న కుటుంబం "అవును, ఆస్తి ఉంది" అని నొక్కుతుంది. తీరా బ్యాంకుకి వెళ్లాక మేనేజర్ పొలం కుదరదంటాడు, అప్పటికి జులై అవుతుంది. "పొలం" అని ఫారంలోనే తెలిస్తే మీ కౌన్సెలర్ మొదటి ఫోన్‌లోనే ఊళ్లో ఇల్లు ఎవరి పేరున ఉంది, తాతగారి పేరునే ఉండిపోయిందా, అమ్మమ్మ తరఫున స్థలం ఏమైనా ఉందా, తాకట్టు లేని లోన్ ఇచ్చే సంస్థల వడ్డీ ఎంత అన్నవి మాట్లాడగలదు. పేరు మార్పించుకోవాలన్నా, వారసులంతా సంతకాలు పెట్టాలన్నా నెలలు పడుతుంది, ఆ నెలలు ముందే దొరుకుతాయి.

సొంత డబ్బు అన్నవాళ్లని కూడా ఎంత ఉందని ఫారంలో అడగకండి. ఎప్పుడు చేతికొస్తుందో ఫోన్‌లో అడగండి. బ్రిటన్ వీసాకి చూపించే డబ్బు ఖాతాలో వరసగా 28 రోజులు ఉండాలి, మధ్యలో ఒక్కరోజు తగ్గినా లెక్క మళ్లీ మొదటికొస్తుంది. జర్మనీకి నెలకింత అని మాత్రమే తీసుకోనిచ్చే బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు వేయాలి, ఇది 2024 సెప్టెంబరు నుంచి ఉన్న లెక్క, మారినప్పుడల్లా చూసుకోండి. రొయ్యల పట్టుబడి అయ్యాకనో, దాళ్వా ధాన్యం డబ్బు పడ్డాకనో కట్టే కుటుంబాలకి ఈ తేదీలు ముఖ్యం. కానీ అది మనిషి మనిషితో మాట్లాడాల్సిన విషయం, పెట్టెలో నింపేది కాదు.

ఈ ప్రశ్న పైన ఎందుకు అడుగుతున్నారో ఒక్క వాక్యం రాయండి. "లోన్ పనికి నెలలు పట్టొచ్చు, ముందే తెలిస్తే సమయానికి మొదలుపెట్టగలం" అంటే చాలు. కారణం తెలిస్తే మన జనం డబ్బు గురించి చెప్పడానికి అంత వెనకాడరు. గతంలో వీసా తిరస్కరించారా అన్న ప్రశ్నని మాత్రం ఫారంలోంచి పూర్తిగా తీసేసి కౌన్సెలర్‌కి అప్పగించండి. వీసా అప్లికేషన్లలో అది అడుగుతారు, దాచితే మొత్తానికే చేటు. అంత ముఖ్యమైనదాన్ని అవును, కాదు బటన్ల మధ్య పెడితే భయంతో "కాదు" నొక్కి, తర్వాత ఆ అబద్ధం మీదే నిలబడతారు.

ఇదంతా ఒక మనిషి మీద ఎలా నడుస్తుందో చూద్దాం. పాలకొల్లు దగ్గర ఒక ఊళ్లో అమ్మాయి, బీఎస్సీ కంప్యూటర్స్ అయిపోయింది, రాత్రి పదింటికి ఫోన్‌లో ఫారం తెరిచింది అనుకోండి. మొదటి స్టెప్‌లో "మూడేళ్ల డిగ్రీ" నొక్కింది. రెండో స్టెప్‌లో "అమెరికా" నొక్కింది. ఈ రెండూ కలిసినప్పుడు మీ ఫారం ఆమెని ఆపకూడదు, అలాగని ఏమీ తెలియనట్టు ఊరుకోకూడదు. బటన్ల కింద ఒక గమనిక రావాలి: "అమెరికాలో చాలా యూనివర్సిటీలు పీజీకి 16 ఏళ్ల చదువు అడుగుతాయి. మూడేళ్ల డిగ్రీని తీసుకునేవి కూడా కొన్ని ఉన్నాయి. మీకు కుదిరేవి మేం చూసి చెబుతాం. బ్రిటన్, ఐర్లాండ్ కూడా చూడాలనుకుంటే ఎంచుకోండి." ఆమె బ్రిటన్ కూడా నొక్కింది. మూడో స్టెప్‌లో ఆ రెండు దేశాల నెలలు కనపడ్డాయి, వచ్చే సెప్టెంబరు ఎంచుకుంది. నాలుగో స్టెప్‌లో పేరు, సొంత నంబర్, "వాట్సాప్ మెసేజ్ చాలు" ఇచ్చి పంపింది.

రెండో భాగంలో 72 శాతం అని రాసింది, ఇంగ్లిష్ టెస్ట్ "ఇంకా లేదు" అంది, డబ్బుకి "బ్యాంకు లోన్" నొక్కి, తాకట్టుకి "పొలం లేదా తోట లేదా చెరువు" నొక్కింది. మర్నాడు మీ కౌన్సెలర్ కాగితం చూస్తే ఏం మాట్లాడాలో తెలిసిపోతుంది. సెప్టెంబరుకి ఇంగ్లిష్ టెస్ట్ ఎప్పటిలోగా రాయాలి, మూడేళ్ల డిగ్రీకి బ్రిటన్‌లో ఏడాది ఎంఎస్సీ ఎలా ఉంటుంది, ఇల్లు ఎవరి పేరున ఉంది. ఈ మూడే. ఫోన్ చేసి "ఏం చదివారమ్మా" అని మొదలుపెట్టాల్సిన అవసరం లేదు. ఇచ్చిన జవాబులనే మళ్లీ అడిగితే ఫారం ఎందుకు నింపామా అనుకుంటారు, కాబట్టి కాగితం చదవకుండా ఫోన్ చేయకూడదని ఆఫీసులో గట్టిగా చెప్పండి.

ఇదే ఫారం అదే రాత్రి ఉండిలో బీటెక్ ఫైనలియర్ అబ్బాయి తెరిస్తే 16 ఏళ్ల గమనిక రాదు, మార్కుల దగ్గర "ఇప్పటివరకు" అని ఉంటుంది, పాస్ కావాల్సిన సబ్జెక్టుల ప్రశ్న వస్తుంది. ఎవరికీ ఇరవై రెండు ప్రశ్నలు కనపడవు.

స్క్రీన్ పైన "4లో 2" అని రాయండి, శాతాల గీతలు వద్దు. బ్రౌజర్‌లో వెనక్కి నొక్కితే ముందు స్టెప్‌కి వెళ్లాలి, ఇచ్చిన జవాబు అక్కడే ఉండాలి. చాలా ఫారాల్లో వెనక్కి నొక్కగానే అంతా చెరిగిపోతుంది, ఇది మీ ఫోన్‌లోనే చేసి చూడండి. ఏ జవాబునీ ముందుగానే ఎంచి ఉంచకండి.

పెట్టాక ఏం చూసుకోవాలంటే, ఎవరు ఏ స్టెప్ దాకా వచ్చి ఆగారో లెక్క ఉంచమనండి. దానికి పేర్లు, నంబర్లు అక్కరలేదు, స్టెప్ నంబర్ చాలు. మూడు దాకా వచ్చి నాలుగులో ఆగేవాళ్లు ఎక్కువుంటే మీ నంబర్ పేజీ మీద నమ్మకం కలగడం లేదని అర్థం. అక్కడ మీ ఆఫీసు చిరునామా, మాట్లాడే కౌన్సెలర్ పేరు కనపడుతున్నాయో లేదో చూడండి. రెండులోనే ఆగితే దేశాల జాబితాలో "తేల్చుకోలేదు" కనపడటం లేదేమో. ఏదో ఒక ప్రశ్నకి దాదాపు అందరి జవాబూ జాబితాలో మొదటిదే అయితే, చదవకుండా నొక్కుతున్నారని గుర్తు. ప్రశ్న మాటలు మార్చాలి.

మీకు వచ్చే ఎంక్వైరీల సంఖ్యతో రెండు రకాల ఫారాలు పెట్టి పోల్చి చూడటం కుదరదు. కొద్దిమంది తేడాతో ఏదీ తేలదు. దానికి బదులు వారానికోసారి కౌన్సెలర్‌తో కూర్చుని, ఫారంలో చెప్పినదానికీ ఫోన్‌లో తెలిసినదానికీ ఎక్కడ తేడా వచ్చిందో చూడండి. తేడా ఒకే ప్రశ్న దగ్గర మళ్లీ మళ్లీ వస్తుంటే ఆ ప్రశ్నని ఫారంలోంచి తీసి ఫోన్‌కి మార్చండి. ఫోన్‌లో ప్రతివాళ్లనీ అడగాల్సి వస్తున్న ప్రశ్న ఏదైనా ఉంటే, దాన్ని రెండో భాగంలోకి తెచ్చి చూడండి. మొదటి నాలుగు స్టెప్పుల్లోకి కొత్తగా ఏదైనా రావాలంటే మాత్రం అక్కడున్న ఒకటి బయటికి వెళ్లాలి.

మీ కొత్త వరస రాసుకున్నాక, ఇంకా మీ దగ్గరికి రాని ఇద్దరు ముగ్గురు పిల్లల చేత వాళ్ల ఫోన్లలోనే నింపించండి. మీరు పక్కన కూర్చుని ఏమీ చెప్పకుండా చూడండి. బొటనవేలు ఎక్కడ ఆగిందో రాసుకుని నాకు పంపితే, ఆ ప్రశ్నల మాటలు ఇద్దరం కలిసి సరిచేద్దాం.